వయసు మళ్లాక బరువులెత్తేవారికి క్రియేటిన్: ఎముకలకు, కీళ్లకు నిజంగా ఎంత పనికొస్తుంది, వాడాలనుకుంటే ఎలా వాడాలి

యాభై ఐదు, అరవై దాటాక జిమ్‌కు వెళ్లేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. వాళ్లలో చాలామందికి ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: "క్రియేటిన్ వేసుకోండి, ఎముకలు గట్టిపడతాయి, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయి." ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత ఆశ ఉంది. పరిశోధనలు చెబుతున్నది ఇంకో రకంగా ఉంది. క్రియేటిన్ అంటే కండరం శక్తి కోసం వాడుకునే పదార్థం, పొడి రూపంలో అమ్ముతారు. దాని వల్ల స్కాన్‌లో ఎముక సాంద్రత పెరగదు. బరువులెత్తే పనికి అది తోడైనప్పుడు తుంటి దగ్గర ఎముక ఆకారంలో చిన్న మేలు జరగవచ్చు. కీళ్ల విషయంలో అది చేసే మేలంతా కండరం ద్వారానే. అందుకే దాన్ని వాడాలా వద్దా అన్న ప్రశ్న కన్నా ఏ పనికి వాడుతున్నాం, ఆ పని జరుగుతోందో లేదో ఎలా కొలుస్తాం అన్న ప్రశ్నే ముఖ్యం. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

ముందుగా: పరిశోధనలు ఎక్కడ నిలిచాయి

ఎముక కట్టే కణాలు కూడా శక్తి కోసం క్రియేటిన్‌ను వాడుకుంటాయి. ప్రయోగశాలలో గిన్నెలో పెంచిన కణాలకు క్రియేటిన్ ఇస్తే అవి కొంచెం చురుగ్గా ఎదిగాయి. ఆశ మొదలైంది అక్కడే. కానీ గిన్నెలో జరిగిందల్లా తుంటిలో జరగాలని లేదు.

మనుషుల మీద చేసిన వాటిలో ఎక్కువగా ప్రస్తావించేది కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో ఫిల్ చిలిబెక్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు బరువులెత్తారు. సగంమందికి కిలో శరీర బరువుకు రోజూ 0.1 గ్రాము చొప్పున క్రియేటిన్, మిగతావారికి డమ్మీ పొడి ఇచ్చారు. ఏడాది తర్వాత తొడ ఎముక మెడ దగ్గర, అంటే పడితే విరిగే ఆ చోట, డమ్మీ పొడి వాళ్లకు సాంద్రత 3.9 శాతం తగ్గింది. క్రియేటిన్ వాళ్లకు 1.2 శాతమే తగ్గింది. గమనించండి, క్రియేటిన్ తీసుకున్నవాళ్లకూ పెరగలేదు, తగ్గడం నెమ్మదించింది, అంతే. పైగా చివరిదాకా నిలిచినవాళ్లు ముప్పై మూడు మందే. అంత చిన్న గుంపులో నలుగురైదుగురి ఫలితం అటూ ఇటూ అయితే సగటు మొత్తం కదిలిపోతుంది.

అందుకే అదే బృందం ఇంకా పెద్దగా, ఇంకా ఎక్కువ కాలం మళ్లీ చేసింది. 2023లో వచ్చిన ఆ అధ్యయనంలో 237 మంది ఆడవాళ్లున్నారు. రెండేళ్లు సాగింది. వారానికి మూడు రోజులు బరువులు, ఆరు రోజులు నడక. క్రియేటిన్ మోతాదు కూడా పెంచి కిలోకు 0.14 గ్రాములు ఇచ్చారు. ఈసారి తొడ ఎముక మెడలోనూ, మొత్తం తుంటిలోనూ, నడుము వెన్నులోనూ రెండు గుంపుల సాంద్రతకు తేడా కనిపించలేదు. 2015 నాటి ఆశ అక్కడితో సాంద్రత విషయంలో ఆగిపోయింది.

మరి కనిపించిందేమిటి? తొడ ఎముక మెడలో సన్నటి చోట ఎముక అమరిక మారింది. ఒక పైపు ఎంత పదార్థంతో తయారైందన్నది ఒక సంగతి, ఆ పదార్థం మధ్య గీత నుంచి ఎంత దూరాన పరుచుకుందన్నది ఇంకో సంగతి. అదే లోహంతో వెడల్పాటి పైపు చేస్తే వంచడం కష్టమవుతుంది. వంపును తట్టుకునే ఈ గుణం క్రియేటిన్ గుంపులో కాస్త మెరుగైంది. గోడ నలిగి ముడుచుకుపోయే ముప్పును సూచించే కొలత కూడా మంచివైపే కదిలింది. అలాగే ఎనభై మీటర్ల నడకను క్రియేటిన్ గుంపు కొంచెం తొందరగా పూర్తిచేసింది. మగవాళ్లలో కూడా డారెన్ కాండో బృందం ఏడాదిపాటు చేసిన 2021 అధ్యయనంలో ఇదే పోలిక: సాంద్రతలో తేడా లేదు, తొడ ఎముక మెడ దగ్గర వంపును తట్టుకునే గుణంలో మాత్రం మేలు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆకారపు కొలతలు ఈ అధ్యయనాలు ముఖ్యంగా వెతికినవి కావు, పక్కన కొలిచిన చాలా వాటిలో కొన్ని. చాలా కొలిస్తే ఒకటో రెండో యాదృచ్ఛికంగా మంచివైపు కనిపిస్తాయి. అయితే ఆడవాళ్లలో ఒకసారి, మగవాళ్లలో ఒకసారి అదే చోట అదే దిశలో కనిపించడం వల్ల దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఎముక విరగడం తగ్గిందని మాత్రం ఎవరూ చూపలేదు.

బరువులెత్తకుండా పొడి మాత్రమే వేసుకుంటే? బ్రెజిల్‌లో ఎముకలు పలచబడ్డ 200 మంది ఆడవాళ్లకు రెండేళ్లు రోజూ మూడు గ్రాములు ఇచ్చి చూశారు. వ్యాయామ కార్యక్రమం ఏమీ లేదు. 2020లో వచ్చిన ఫలితం: ఎముకకూ కండరానికీ ఏ మేలూ కనబడలేదు. జిమ్ మానేసి డబ్బా మాత్రం కొనసాగించేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే.

కీళ్ల సంగతి వేరు

మోకాలి అరుగుదల ఉన్నవాళ్లపై ఆశ కలిగించే అధ్యయనం కూడా బ్రెజిల్‌దే, 2011 నాటిది. అరుగుదల ఉన్న, నెలసరి ఆగిన ఆడవాళ్లు రెండు డజన్ల మంది. పన్నెండు వారాలు కాళ్లకు బలం పెంచే వ్యాయామం అందరూ చేశారు. ఒక గుంపుకు మొదటి వారం రోజూ 20 గ్రాములు, తర్వాత 5 గ్రాముల క్రియేటిన్. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడితే, క్రియేటిన్ గుంపు సగటు 15.7 నుంచి 18.1కి పెరిగింది. డమ్మీ గుంపు దాదాపు ఉన్నచోటే ఉంది. రోజువారీ పనుల సౌలభ్యం, కీలు బిగుసుకుపోవడం కూడా క్రియేటిన్ గుంపులో మెరుగయ్యాయి.

కానీ ఇది కీలు బాగుపడిందని కాదు. మోకాలి అరుగుదల ఉన్నవారిపై 2018లో వచ్చిన ఇంకో చిన్న అధ్యయనంలో వాపును, మృదులాస్థి అరిగిపోవడాన్ని చూపే రక్త కొలతలు క్రియేటిన్‌తో ఏమీ మారలేదు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు పన్నెండు వారాలు తీసుకుంటే కండరం కొంచెం పెరిగింది, బలమూ పనితనమూ పెరగలేదు. మోకాలి మార్పిడి శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా ఇచ్చి చూసినా కోలుకోవడం వేగం కాలేదు. ఈ చిత్రమంతా కలిపి చూస్తే ఇలా అర్థమవుతుంది: క్రియేటిన్ తొడ కండరానికి కాస్త సాయం చేస్తుంది, ఆ కండరం మోకాలి మీది భారాన్ని పంచుకుంటుంది. అరిగిన మృదులాస్థి దగ్గరకు అది వెళ్లి మరమ్మతు చేయదు. మోకాలు వాచి ఎర్రబడి వేడిగా ఉన్నవాళ్లు దీన్ని మందనుకుని రోజులు గడపకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

మొదటి మెట్టు: మొదలుపెట్టక ముందు రక్తపరీక్ష

డబ్బా కొనే ముందు చేయాల్సిన పని ఇదే. క్రియేటిన్ శరీరంలో నెమ్మదిగా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పడానికి ల్యాబ్‌లు చూసేది ఆ క్రియాటినిన్‌నే. అంటే పొడి మొదలుపెట్టాక కిడ్నీకి ఏమీ కాకపోయినా రిపోర్టులో అంకె కాస్త పెరగవచ్చు. ముందు అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం ఉండదు.

ఎంత తేడా వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అరవై రెండేళ్ల ఆవిడ అనుకుందాం. బరువు 60 కిలోలు, శాకాహారి, బీపీ మాత్ర వేసుకుంటుంది, కుడి మోకాలిలో తేలికపాటి అరుగుదల. మొదలుపెట్టక ముందు క్రియాటినిన్ 0.9. ఇప్పుడు ల్యాబ్‌లు ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం ఆమె ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని వడపోసే వేగం అంచనా, 72 దగ్గర వస్తుంది, మామూలే. మూడు నెలల తర్వాత క్రియాటినిన్ 1.1 అయిందనుకుందాం. అదే సూత్రం ఇప్పుడు 57 చూపిస్తుంది. అరవై కన్నా తక్కువ కనబడగానే కిడ్నీ జబ్బు మూడో దశ అనే మాట రిపోర్టు మీద పడుతుంది. నిజంగా కిడ్నీ దెబ్బతిన్నదా, పొడి వల్ల అంకె మారిందా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలదు.

తేల్చే దారి ఉంది. సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్షపై క్రియేటిన్ ప్రభావం ఉండదు. పెద్ద ల్యాబ్‌లలో చేస్తారు. అది మామూలుగా ఉండి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోకపోతే కంగారు పడనక్కర్లేదు. లేదా నెలపాటు క్రియేటిన్ ఆపి క్రియాటినిన్ మళ్లీ చూడాలి. కండరంలోని నిల్వ మామూలు స్థాయికి దిగడానికి నాలుగైదు వారాలు పడుతుంది, అందుకే రెండు రోజులు మానేసి పరీక్షకు వెళితే లాభం లేదు. పరీక్షకు ముందురోజు భారీ బరువులు ఎత్తినా, రాత్రి మటన్ బాగా తిన్నా కూడా ఈ అంకె పెరుగుతుంది. డాక్టరుకు మాత్రం క్రియేటిన్ వాడుతున్నానని తప్పకుండా చెప్పాలి. చాలామంది ఈ మాట దాచేస్తారు, అక్కడే గందరగోళమంతా మొదలవుతుంది.

కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లు, ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా దీని జోలికి పోకూడదు. ఇంకో సంగతి. కీళ్ల నొప్పులున్న లిఫ్టర్లలో రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరికి బీపీ మాత్రా ఉంటుంది, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రా ఉంటుంది. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి వచ్చే ముప్పు బాగా తెలిసినదే. నా మటుకు, అలాంటివారు క్రియేటిన్ గురించి ఆలోచించే ముందు ఆ నొప్పి మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడాలి.

రెండో మెట్టు: డెక్సా స్కాన్‌ను సరిగ్గా చదవడం

ఎముక కోసమే మొదలుపెడుతున్నామంటే ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ ఉండాలి. అందులో వచ్చే టీ స్కోరు మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువతరం సగటుతో పోల్చి చెబుతుంది. టీ స్కోరు మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడిందని, మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందుంటే గుల్లబారిందని అంటారు. గుల్లబారినవాళ్లకు డాక్టరు రాసే మందులుంటాయి. ఎముక విరగడాన్ని తగ్గించినట్టు రుజువైనవి అవి. వాటి స్థానంలో క్రియేటిన్ వేసుకోవడం తప్పు నిర్ణయం.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. డెక్సా యంత్రానికి తనదైన తడబాటు ఉంటుంది. ఒకే మనిషిని ఒకే రోజు రెండుసార్లు పడుకోబెట్టి తీసినా అంకె కాస్త మారుతుంది. అందుకే మార్పు ఎంత దాటితే నిజమైన మార్పో ప్రతి కేంద్రమూ లెక్కకట్టుకోవాలి. తొడ ఎముక మెడలో అది 5 శాతం అనుకుందాం.

మన ఉదాహరణలోని ఆవిడకు అక్కడ టీ స్కోరు మైనస్ 1.8, సాంద్రత చదరపు సెంటీమీటరుకు 0.642 గ్రాములు ఉందనుకుందాం. ఐదు శాతమంటే 0.032. అంటే ఏడాది తర్వాత అంకె 0.610 నుంచి 0.674 మధ్య ఎక్కడ వచ్చినా, "మార్పు ఉందని చెప్పలేం" అన్నదే సమాధానం. 2015 అధ్యయనంలో డమ్మీ గుంపు సగటున కోల్పోయిన 3.9 శాతం ఈమెకు జరిగినా అంకె 0.617 అవుతుంది, అది కూడా ఆ హద్దులోనే ఉంటుంది. క్రియేటిన్ వల్ల వచ్చే మేలు, ఒకవేళ వస్తే, ఒక్కరి స్కాన్‌లో కనబడేంత పెద్దది కాదు. ఏడాదికి 0.01 పెరిగిందని సంబరపడి పొడికి పేరివ్వడమూ, 0.01 తగ్గిందని మానేయడమూ రెండూ అర్థం లేనివే.

కాబట్టి మొదటి స్కాన్ తీయించుకున్న చోటే, అదే యంత్రం మీద, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ తీయించుకోండి. వేరే సెంటరు రిపోర్టుతో పోల్చకండి. పోల్చేటప్పుడు మొత్తం తుంటి అంకెను చూడడం మేలు, మెడ భాగం కన్నా అది నిలకడగా వస్తుంది. నడుము వెన్ను అంకెను మాత్రం అనుమానంతో చూడాలి. ఏళ్లుగా బరువులెత్తిన, నడుము నొప్పి ఉన్నవాళ్లకు వెన్నుపూసల అంచుల్లో అదనపు ఎముక పెరుగుతుంది. స్కాన్ దాన్నీ కలిపి లెక్కేస్తుంది. అరుగుదల ఎక్కువైనకొద్దీ రిపోర్టులో వెన్ను బలంగా కనబడే విచిత్రం అక్కడుంది. తుంటి తగ్గుతూ వెన్ను పెరుగుతూ కనబడితే, తుంటి చెప్పేదే నమ్మండి.

మూడో మెట్టు: మోతాదు

కొనాల్సింది క్రియేటిన్ మోనోహైడ్రేట్, పొడి రూపంలో. పైన చెప్పిన అధ్యయనాల్లో వాడిన సరుకు అదే. హెచ్‌సీఎల్ అనీ, బఫర్డ్ అనీ ఎక్కువ ధరకు అమ్మేవాటికి ఎముక విషయంలో అదనపు రుజువు లేదు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, తయారీ బ్యాచ్ ఉన్నాయా, లోపల క్రియేటిన్ తప్ప ఇంకేమీ కలపలేదా చూసుకోండి. "ప్రీ వర్కౌట్" పేరుతో వచ్చే మిశ్రమాల్లో కెఫీన్ ఎంతుందో, క్రియేటిన్ ఎంతుందో విడివిడిగా తెలియదు. బీపీ ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండడమే మంచిది.

ఎంత? మామూలుగా అందరూ చెప్పే 3 నుంచి 5 గ్రాములు కండరాన్ని నింపడానికి చాలు, నెలరోజుల్లో నింపేస్తుంది. కానీ ఎముక ఆకారంలో మేలు కనబడిన అధ్యయనాల్లో ఇచ్చింది కిలోకు 0.1 నుంచి 0.14 గ్రాములు. మన 60 కిలోల ఆవిడకు అది రోజుకు 6 నుంచి 8.4 గ్రాములు. నేనైతే 6 దగ్గర ఆగమంటాను. 2023 అధ్యయనంలో మోతాదు పెంచినా సాంద్రతకు అదనపు లాభం రాలేదు, పొట్టకు మాత్రం పెద్ద మోతాదు కష్టం. 250 గ్రాముల డబ్బా ఈ లెక్కన నలభై రోజుల పైన వస్తుంది.

మొదటి వారం 20 గ్రాముల "లోడింగ్" అవసరం లేదు. ఎముక నెలల మీద, ఏళ్ల మీద స్పందించేది, ఆ వారం తొందర దానికి పట్టదు. మొదటి పది రోజులు 3 గ్రాములతో మొదలుపెట్టి, పొట్ట ఒప్పుకుంటే ఉదయం మూడు, సాయంత్రం మూడు చేయండి. విరేచనం అవుతుంటే ఒక్కసారి తీసుకునే మోతాదు ఎక్కువైందని గుర్తు. స్పూను కొలత నమ్మకండి. డబ్బాలో వచ్చే స్కూపు ఎన్ని గ్రాములో చిన్న తూకంమీద ఒక్కసారి చూసుకుంటే చాలు. గోరువెచ్చటి నీళ్లలో బాగా కరుగుతుంది. మజ్జిగలో కలుపుకున్నా ఇబ్బంది లేదు, వెంటనే తాగేయండి. పులుపున్న ద్రవాల్లో రోజుల తరబడి నిల్వచేస్తే మాత్రం కొంత క్రియాటినిన్‌గా మారిపోతుంది. అందుకే బాటిల్‌లో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకునే అలవాటు వద్దు.

మొదటి కొద్ది వారాల్లో కిలో దాకా బరువు పెరగవచ్చు. అందులో ఎక్కువ భాగం నీరు. కాళ్లు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే అది క్రియేటిన్ నీరు కాదు. గుండెనో కిడ్నీనో చూపించుకోవాలి.

శాకాహారులకు ఒక మాట. క్రియేటిన్ మాంసం, చేపల్లోనే ఉంటుంది. పప్పు, పాలు, కూరల్లో లేనట్టే. అందుకే ఎప్పుడూ మాంసం తినని వాళ్ల కండరంలో నిల్వ తక్కువగా ఉంటుంది, పొడికి వాళ్ల కండరం ఎక్కువగా స్పందిస్తుంది. కండరం వరకే నేను ఈ మాట అంటున్నాను.

నాలుగో మెట్టు: అసలు మందు బరువే

ఎముక బలపడాలంటే దానిమీద భారం పడాలి. దీనికి గట్టి సాక్ష్యం ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన లిఫ్ట్‌మోర్ అధ్యయనం. ఎముకలు పలచబడ్డ, నెలసరి ఆగిన 101 మంది ఆడవాళ్లు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల పర్యవేక్షణలో డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్ చేసింది, బార్ పట్టుకుని ఎగిరి నేలమీద దిగింది. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా, ఐదు సెట్లు, సెట్టుకు ఐదుసార్లు. ఎనిమిది నెలల్లో నడుము వెన్ను సాంద్రత వాళ్లకు 2.9 శాతం పెరిగితే, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన గుంపుకు 1.2 శాతం తగ్గింది. ఇందులో క్రియేటిన్ లేనే లేదు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెడితే క్రియేటిన్ స్థానం తెలుస్తుంది. ఇంకో రెండుసార్లు ఎత్తే ఓపిక, ఒక సెట్టుకూ ఇంకో సెట్టుకూ మధ్య తొందరగా తేరుకోవడం, అది ఇచ్చేది అంతవరకే. ఆ ఓపికను బరువు పెంచడానికి వాడుకోకపోతే ఎముకకు చేరేదేమీ లేదు.

మన ఆవిడ కార్యక్రమం ఇలా ఉండవచ్చు. వారానికి మూడు రోజులు. మొదటి నెల అంతా బరువు తక్కువ, ధ్యాసంతా పద్ధతి మీద: లిఫ్ట్‌మోర్ లోనూ అలాగే మొదలుపెట్టారు. కుడి మోకాలు బాధిస్తుంది కాబట్టి పూర్తి స్క్వాట్ బదులు పెట్టె మీద కూర్చుని లేచే స్క్వాట్, పెట్టె ఎత్తు నొప్పి రాని చోట. డెడ్‌లిఫ్ట్ మోకాలిని అంతగా వంచదు కాబట్టి దాంతో సాగిపోవచ్చు. బార్‌ను చిన్న దిమ్మెల మీద పెట్టి మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టడం మంచిది. నిలబడి తలపైకి ఎత్తే ప్రెస్, కూర్చుని లాగే రో. రెండో నెల నుంచి మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది. ప్రతి వారం రెండున్నర కిలోలు పెరిగితే చాలు. నాలుగో నెల చివరికి, పద్ధతి కుదిరి ఒంట్లో ఇబ్బంది లేకపోతే, డెడ్‌లిఫ్ట్‌లో ఐదుసార్లకే అలసిపోయే బరువుకు రావచ్చు. వెన్నుపూస ఇప్పటికే నలిగినవాళ్లు, ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గినట్టు గమనించినవాళ్లు ముందు ఎక్స్‌రే తీయించుకోకుండా ఇందులోకి దిగకూడదు. నడుము వంచి బరువెత్తడం వాళ్లకు నిజంగా ప్రమాదం.

మోకాలి నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. సున్నా నుంచి పది వరకు. వ్యాయామంలో నాలుగు దాటకూడదు, మర్నాటి ఉదయానికి ముందున్న స్థాయికి దిగాలి. దిగకపోతే మర్నాడు మానేయడం కాదు, ఆ వ్యాయామంలో బరువు తగ్గించాలి లేదా పెట్టె ఎత్తు పెంచాలి. వాపు కనబడితే ఆ వారం కాళ్ల వ్యాయామం ఆపాలి. ఇది క్రియేటిన్ వేసుకుంటున్నా, వేసుకోకపోయినా వర్తించే నియమమే. అయితే పొడి వేసుకుంటున్న ధైర్యంతో నొప్పి మీద బరువు పెంచేవాళ్లను చూస్తుంటాం కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఐదో మెట్టు: పన్నెండు వారాల తర్వాత లెక్క తీయడం

స్కాన్ చెప్పలేనిది కుర్చీ చెబుతుంది. చేతులు లేని, గోడకు ఆనించిన మామూలు ఎత్తు కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో మొదలుపెట్టే ముందు ఒకసారి, నాలుగు వారాలకొకసారి రాసుకోండి. అదే కుర్చీ, అదే సమయం, వ్యాయామానికి ముందు. బ్రెజిల్ అధ్యయనంలో క్రియేటిన్ గుంపుకు పెరిగింది సుమారు రెండున్నర, అది కూడా వ్యాయామంతో కలిపి. పన్నెండు వారాల్లో రెండైనా పెరగకపోతే, డెడ్‌లిఫ్ట్ బరువు పుస్తకంలో పైకి వెళ్లకపోతే, ముందు కార్యక్రమాన్ని చూడండి: వారంలో మూడు రోజులూ వెళ్లారా, బరువు నిజంగా పెంచారా, తిండిలో ప్రోటీన్ సరిపోతోందా. అవన్నీ సరిగ్గా ఉండీ ఫలితం లేకపోతే క్రియేటిన్ మీకు పనిచేయడం లేదని అనుకోవడంలో తప్పు లేదు. కొందరి కండరం మొదటి నుంచే నిండుగా ఉంటుంది, వాళ్లకు పొడి కలిపేది తక్కువ.

ఆవిడ పన్నెండు వారాల చివర చూసుకుంటే కుర్చీ లెక్క పదమూడు నుంచి పదహారు అయింది, మోకాలి నొప్పి మెట్లెక్కేటప్పుడు ఐదు నుంచి మూడుకు దిగింది, క్రియాటినిన్ 1.1 వచ్చింది అనుకుందాం. సిస్టాటిన్ సి మామూలుగా ఉందంటే, ఆమె డాక్టరుతో మాట్లాడి కొనసాగించవచ్చు. ఈ మేలులో ఎంత వ్యాయామానిది, ఎంత పొడిది అన్నది ఆమెకు తెలియదు, తెలుసుకోవాలంటే ఒక దారి ఉంది: పన్నెండు వారాలు వ్యాయామం అలాగే ఉంచి పొడి ఆపడం. అంకెలు అలాగే ఉంటే నెలనెలా డబ్బా కొనే ఖర్చు ఆమెకు తప్పుతుంది.

తుంటి స్కాన్‌కు మాత్రం తొందరపడకండి. పాత ఎముక తొలిచి కొత్త ఎముక కట్టే ఒక్క చక్రానికే కొన్ని నెలలు పడుతుంది. ఆరు నెలలకే డెక్సాకు వెళ్లి తేడా వెతికితే దొరికేది యంత్రం తడబాటే. మధ్యలో ఎప్పుడైనా నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టో తుంటో విరిగితే, లెక్క మారిపోతుంది: అప్పుడు టీ స్కోరు ఎంతున్నా గుల్లబారిన ఎముకకు ఇచ్చే మందుల గురించి ఎముకల డాక్టరుతో ఆ వారమే మాట్లాడాలి.